మెదడు స్కానింగులో ఉంగరపు మచ్చ

కాంట్రాస్టు మందు ఎక్కించి తీసిన మెదడు ఎం.ఆర్.ఐ.లో కొన్ని మచ్చలు నడుమ నల్లగా, చుట్టూ తెల్లని అంచుతో ఉంగరంలా కనిపిస్తాయి. ఈ మందులోని గడోలినియం ఆరోగ్యంగా ఉన్న మెదడు రక్తనాళాల గోడ దాటి బయటికి రాదు. వాపు వల్లనో, కణితి వల్లనో ఆ గోడ దెబ్బతిన్న చోట అది బయటికి ఊరి, అంచు వెలుగుతుంది. నడుమ మాత్రం చీమో, నీరో, చచ్చిన కణజాలమో ఉంటుంది కనుక మందు అక్కడికి చేరదు. క్షయ గడ్డ, చీము గడ్డ, బద్దెపురుగు తిత్తి, గ్లయోబ్లాస్టోమా, మరో అవయవం నుంచి పాకిన క్యాన్సర్ అన్నీ ఇలాగే కనిపించవచ్చు.

ఈ పోలిక మన దేశంలో వైద్యాన్ని కొన్నేళ్లు దారి తప్పించింది. సి.టి. స్కానింగు వాడకంలోకి వచ్చాక, ఫిట్స్‌తో వచ్చిన వారిలో చాలామందికి ఒక్కటే చిన్న ఉంగరం కనబడేది. క్షయ ఎక్కువగా ఉన్న దేశం కాబట్టి అది క్షయ గడ్డే అనుకుని నెలల తరబడి ఆ మందులు ఇచ్చేవారు. మచ్చ మాయమయ్యేది, దాంతో నమ్మకం మరింత గట్టిపడేది. మందులు వాడనివారిలోనూ మచ్చ కరిగిపోతుండటం అనుమానానికి తావిచ్చింది. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చాందీ, రాజశేఖర్ బృందం అలాంటి మచ్చలను శస్త్రచికిత్సతో తీసి పరీక్షించగా, ఎక్కువ వాటిలో బయటపడింది బద్దెపురుగు పిల్ల. ఆ సంగతి 1989లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పిల్ల బతికున్నంత కాలం మెదడు దాన్ని పెద్దగా పట్టించుకోదు. అది చచ్చేటప్పుడు చుట్టూ వాపు వస్తుంది, అప్పుడే ఉంగరం వెలుగుతుంది, ఫిట్స్ మొదలవుతాయి. పిల్ల పూర్తిగా చచ్చి, వాపు తగ్గితే మచ్చ దానంతటదే పోతుంది. పందిమాంసం ముట్టని శాకాహారులకూ ఇది రావచ్చు, ఎందుకంటే కడుపులో బద్దెపురుగు ఉన్న మనిషి మలం ద్వారా దాని గుడ్లు నీటికీ కూరగాయలకూ అంటుకుంటాయి.

వెల్లూరు బృందం కొలతలు కూడా చెప్పింది: మచ్చ ఒక్కటే అయి, 20 మిల్లీమీటర్ల లోపు ఉండాలి, వాపు మెదడు నడిగీతను పక్కకు నెట్టకూడదు, రోగికి ఫిట్స్ తప్ప తల పీడనం పెరిగిన లక్షణాలు గానీ పెరుగుతూ పోయే బలహీనత గానీ ఉండకూడదు. ఉదాహరణకు, కుడిచేయి కొట్టుకునే ఫిట్స్‌తో వచ్చిన ఇరవై ఏళ్ల యువకుడికి 12 మిల్లీమీటర్ల ఉంగరం, దాని నడుమ చుక్కలా పురుగు తల కనిపిస్తే, కోసి చూడాల్సిన పని లేదు. ఫిట్స్ మందుతో పాటు ఆల్బెండజోల్, స్టెరాయిడ్ ఇచ్చి, కొన్ని నెలలకు మళ్లీ స్కాన్ తీస్తారు.

అదే ఉంగరం 35 మిల్లీమీటర్లు ఉండి, జ్వరం, వాంతులతో వస్తే లెక్క మారుతుంది. అప్పుడు డిఫ్యూజన్ చిత్రం అక్కరకొస్తుంది. చీములో నీటి అణువులు కదల్లేవు కాబట్టి చీము గడ్డ నడిమిభాగం అందులో తెల్లగా మెరుస్తుంది. గ్లయోబ్లాస్టోమాలో సాధారణంగా అలా మెరవదు, పైగా గోడ మందంగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. క్షయ గడ్డలో జున్నులా గట్టిపడిన నడిమిభాగం టి2 చిత్రంలో తరచూ నల్లగా కనిపిస్తుంది. అయినా వీటిలో ఏదీ నూటికి నూరుపాళ్లు నమ్మదగ్గది కాదు, మచ్చ పెరుగుతూ పోతే ముక్క తీసి పరీక్షించాల్సిందే.

ఉంగరం పోయాక కొందరిలో సున్నపు చుక్క మిగులుతుంది. ఎం.ఆర్.ఐ. కన్నా సి.టి.లో అది తేలిగ్గా దొరుకుతుంది. అది ఉన్నవారికి ఫిట్స్ మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ, అందుకే వారికి ఫిట్స్ మందు తొందరపడి ఆపరు.