పాల పుస్తకంలో రెండు అంకెలు

మా తళి వైపు ఇంట్లో తెలుగే అయినా, పాల సంఘం లెక్క తమిళంలో నడుస్తుంది. కొవ్వుని ‘కొళుప్పు’ అంటారు. కొవ్వు పోగా పాలలో మిగిలే గట్టి సరుకు, అంటే ఎస్.ఎన్.ఎఫ్., ‘ఇతర సత్తు’. రేటు చార్టులో ఈ రెండు అంకెలూ కలిసే గడిలో ఉన్నదే ఆ పూట లీటరు ధర.

రెండెందుకు? ఒకప్పుడు లాక్టోమీటరు ఒక్కటే ఆధారం. నీళ్ళు కలిపితే దాని అంకె తగ్గుతుంది, మీగడ తీస్తే పెరుగుతుంది. రెండు పనులూ చేసినవాడు దొరికేవాడు కాదు. స్విట్జర్లాండులో గెర్బర్ 1890లలో తెచ్చిన కొవ్వు పరీక్ష ఆ దారి మూసింది.

లెక్క ఇలా ఉంటుంది: లాక్టోమీటరు అంకెలో నాలుగో వంతు, కొవ్వులో నాలుగో వంతు, పైన 0.44. ఈ చివరి అంకె అన్ని చోట్లా ఒకటి కాదు. లాక్టోమీటరు 28, కొవ్వు 4 అయితే 7 + 1 + 0.44, అంటే ఎస్.ఎన్.ఎఫ్. 8.44. ఆ పాలు పది లీటర్లలో ఒక లీటరు నీళ్ళు పోస్తే కొవ్వు 3.6కి, ఎస్.ఎన్.ఎఫ్. 7.7 దగ్గరికి దిగుతాయి.

అందుకే చీటీలో రెండూ ఒకే పాళ్ళలో పడితే నీళ్ళని అనుమానిస్తాం. కొవ్వు ఒక్కటే పడితే మీగడ తీశారేమో, లేదా కలపకుండా అడుగు నుంచి శాంపిల్ తీశారేమో చూడాలి. కొవ్వు మారకుండా ఎస్.ఎన్.ఎఫ్. ఒక్కటే పడిందా? పితికిన వేడి తగ్గకముందే లాక్టోమీటరు పెట్టి ఉండొచ్చు. వేడి పాలలో అది లోతుగా మునిగి తక్కువ చూపిస్తుంది. అప్పుడు నష్టపోయేది నీళ్ళు కలపని రైతే. చల్లారాక మళ్ళీ చూడమని అడగడం అతని హక్కు.