నాలుగు పేర్లు, నూటముప్పై ఏళ్లు

2025 ఆగస్టు 26న ఉదయగిరి, హిమగిరి అనే రెండు ఫ్రిగేట్లు విశాఖపట్నంలో ఒకేరోజు నౌకాదళంలో చేరాయి. ఒక్కొక్కటి దాదాపు 6,700 టన్నుల ఓడ. అంతకు నాలుగేళ్ల ముందు, 2021 మే నెలలో, ఇదే రేవులో ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ విరమణ పొందింది. అది డిస్ట్రాయర్. బరువు చూస్తే 5,000 టన్నులకు లోపే. పోటీ పరీక్షల పుస్తకాలు చెప్పే వరస అందరికీ తెలిసిందే: అన్నిటికన్నా చిన్నది కార్వెట్, దానిపైన ఫ్రిగేట్, ఆపైన డిస్ట్రాయర్, అందరికన్నా పెద్దన్న క్రూజర్. మరి ఫ్రిగేటు డిస్ట్రాయరును దాటి ఎలా ఎదిగింది? ఈ వరస ఎప్పుడూ ఒక తరానికే నిజం. ఒక్కో పేరు ఒక్కో కాలంలో ఒక్కో శత్రువు కోసం పుట్టింది. శత్రువు మారినప్పుడల్లా ఓడ మారిపోయింది, పేరు మాత్రం పాతదే మిగిలింది.

తెరచాపల కాలంలో లెక్క సులువు. ఫిరంగులు ఒకే అంతస్తులో బారు తీరి ఉంటే ఫ్రిగేట్, అంతకన్నా చిన్నదై ఇరవై దాకా ఫిరంగులుంటే కార్వెట్. ఎదురెదురు బారులు తీరి పోరాడే పెద్ద ఓడలు వేరే ఉండేవి. ఈ రెండూ వాటి ముందు వేగు చూసేవి, వర్తక నౌకలకు కాపలా వెళ్లేవి, శత్రువు సరుకును పట్టుకునేవి. క్రూజర్ అనేది అప్పట్లో ఓడ రకమే కాదు, చేసే పని. దళానికి దూరంగా, ఒంటరిగా సముద్రం మీద నెలల తరబడి తిరిగే ఏ ఓడకైనా ఆ మాట చెల్లేది. ఆవిరి యంత్రమూ ఇనుప కవచమూ వచ్చాక ఫ్రిగేట్, కార్వెట్ అన్న మాటలు మెల్లగా వాడుక తప్పాయి. ఒంటరి తిరుగుడు పని చేసే క్రూజర్ మాత్రం నిలిచింది.

డిస్ట్రాయర్ కథ టార్పెడోతో మొదలవుతుంది. 1866లో రాబర్ట్ వైట్‌హెడ్ దానంతట అదే నడిచే టార్పెడోను తయారుచేశాడు. ఆ తర్వాత పది పన్నెండేళ్లకే, కోట్లు పోసి కట్టిన కవచ నౌకను వేగంగా వచ్చే చిన్న పడవ ముంచేయగలదన్న భయం ఐరోపా నౌకాదళాలన్నిటినీ పట్టుకుంది. ఆ పడవలను వెంటాడి కొట్టేందుకు బ్రిటన్ 1893లో జలప్రవేశం చేయించిన ఓడ హావక్. బరువు మూడు వందల టన్నుల లోపు, వేగం 26 నాట్లు. టార్పెడో పడవల సంహారిణి అన్న పొడుగు పేరు కొన్నేళ్లకు డిస్ట్రాయర్‌గా కురచయింది. తమాషా ఏమిటంటే, పడవలను వేటాడటానికి పుట్టిన ఈ ఓడ తనే టార్పెడోలు మోసుకుని, పడవ చేసే పనినీ లాగేసుకుంది. మొదటి ప్రపంచయుద్ధం నాటికి పెద్ద దళానికి రెక్కల్లా ముందుండి నడిచేవి డిస్ట్రాయర్లే.

ఓడల రకాలకు చట్టంతో గీత గీసింది మాత్రం యుద్ధం కాదు, ఒప్పందం. 1922 వాషింగ్టన్ ఒప్పందం క్రూజర్‌కు 10,000 టన్నుల బరువు, 8 అంగుళాల ఫిరంగి హద్దుగా పెట్టింది. 1930 లండన్ ఒప్పందం ఇంకాస్త లోతుకు వెళ్లింది. 6.1 అంగుళాలకు మించిన ఫిరంగి ఉంటే భారీ క్రూజర్, ఆ లోపైతే తేలిక క్రూజర్. డిస్ట్రాయర్ 1,850 టన్నులు, 5.1 అంగుళాలు దాటకూడదు. ఓడ రకాన్ని కొలతతో, టేపు పెట్టి చెప్పగలిగిన కాలం చరిత్రలో బహుశా అదొక్కటే. స్వతంత్ర భారతానికి వచ్చిన మొదటి పెద్ద ఓడ ఆ కాలపు బిడ్డే. 1939 డిసెంబరులో రివర్ ప్లేట్ దగ్గర జర్మనీ యుద్ధనౌక గ్రాఫ్ స్పీని ఎదిరించిన తేలిక క్రూజర్ అకిలీస్, 1948లో మన ఢిల్లీ అయింది. రివర్ ప్లేట్ నాటికి ఎనిమిది 6 అంగుళాల ఫిరంగులు దాని బలం. 1957లో మైసూర్ అనే మరో క్రూజర్ వచ్చి చేరింది.

ఇక కార్వెట్, ఫ్రిగేట్ పేర్లు మళ్లీ లేచి రావడానికి కారణం జర్మన్ జలాంతర్గాములు. 1939లో బ్రిటన్‌కు కావలసింది గొప్ప ఓడలు కాదు, త్వరగా, చవకగా, చాలా ఓడలు. స్మిత్స్ డాక్ కంపెనీకి చెందిన విలియం రీడ్ ఒక తిమింగలాల వేట ఓడ నమూనా తీసుకుని, దాన్నే కాస్త పెంచి గీశాడు. అదే ఫ్లవర్ తరగతి కార్వెట్. 205 అడుగుల పొడవు, వెయ్యి టన్నులకు అటూ ఇటూ బరువు, ఒక 4 అంగుళాల ఫిరంగి, వెనక డెప్త్ చార్జిలు. టర్బైన్లు దొరకడం కష్టం కాబట్టి పాతరకం ఆవిరి ఇంజను పెట్టారు. వర్తక నౌకల్లో పనిచేసి వచ్చిన ఇంజనీర్లకు అది చేతికి అలవాటైన యంత్రం. యుద్ధనౌకలు ఎన్నడూ కట్టని చిన్న యార్డుల్లో కూడా వీటిని కట్టగలిగారు. బ్రిటన్, కెనడా కలిసి రెండు వందలకు పైగా కట్టాయి. యుద్ధం చివర కొన్ని రాయల్ ఇండియన్ నేవీకీ వచ్చాయి.

చవకదనానికి ధర ఉంటుంది. ఫ్లవర్ వేగం 16 నాట్లు, నీటిపైకి తేలిన జర్మన్ జలాంతర్గామి వేగం 17. అంటే పోలీసు కన్నా దొంగ వేగం ఎక్కువ. పొట్టి ఓడ కావడంతో అట్లాంటిక్ అలల మీద విపరీతంగా ఊగేది. నావికులు రోజుల తరబడి తడి బట్టల్లోనే గడిపేవారు. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఆయుధంలోనే ఉంది. అప్పటి సోనార్ శబ్దపు కిరణం ఓడ ముందుకు వెళ్లేది. జలాంతర్గామి బాగా దగ్గరైతే కిరణం దాని పైనుంచి దాటిపోయి జాడ తప్పేది. డెప్త్ చార్జి పడేదేమో ఓడ వెనక. ఆఖరి క్షణాల్లో దాడి గుడ్డిగా సాగేది, ఆ వ్యవధిలో జలాంతర్గామి పక్కకు తప్పుకునేది. అందుకే 1942లో వచ్చిన రివర్ తరగతికి రెండు ఇంజన్లు, మూడు వందల అడుగుల పొడవు, 20 నాట్ల వేగం, దాంతోపాటు జాడ తప్పకముందే 24 బాంబులను ఓడ ముందుకు విసిరే హెడ్జ్‌హాగ్ ఇచ్చారు. ఈ పెద్ద కార్వెట్లకే ఫ్రిగేట్లని పేరు పెట్టారు. అంటే కొత్త ఫ్రిగేట్ డిస్ట్రాయర్‌కు తమ్ముడిగా పుట్టలేదు, కార్వెట్‌కు అన్నగా పుట్టింది. యుద్ధదళంతో పరుగెత్తేది డిస్ట్రాయర్, సరుకు ఓడలతో నడిచేది ఫ్రిగేట్. నా దృష్టిలో ఈ రెంటి మధ్య అసలైన తేడా ఏనాడైనా ఉంటే అది ఇదే, టన్నులు కాదు.

పెద్ద ఓడల లెక్కను తిరగేసింది క్షిపణి. 1967 అక్టోబరు 21న ఈజిప్టు క్షిపణి పడవలు రేవు నుంచే వదిలిన స్టిక్స్ క్షిపణులకు ఇజ్రాయెల్ డిస్ట్రాయర్ ఐలాత్ మునిగిపోయింది. 1971 డిసెంబరు 4 రాత్రి కరాచీ ముందు మన నౌకాదళం అదే చేసింది. నిర్ఘాత్ అనే చిన్న పడవ విసిరిన క్షిపణులకు పాకిస్తాన్ డిస్ట్రాయర్ ఖైబర్ మునిగింది. పెద్ద ఫిరంగి, మందపాటి కవచం అనే క్రూజర్ లెక్క ఆ దెబ్బలతో చెల్లని కాసు అయింది. అప్పటికే ముసలిదైన ఢిల్లీ 1978లోనూ, మైసూర్ 1985లోనూ విరమించాయి. ఆ తర్వాత మనకు క్రూజర్ లేదు.

అదే యుద్ధంలో డిసెంబరు 9 రాత్రి దియు దగ్గర జరిగింది ఫ్రిగేట్ చరిత్రలో చేదు పాఠం. ఖుక్రి బ్రిటన్‌లో కట్టిన పన్నెండు వందల టన్నుల ఫ్రిగేట్. రూపంలోనూ ఆయుధాల్లోనూ అది పూర్తిగా జలాంతర్గాముల వేటకే కట్టిన ఓడ. మోర్టార్లు, చిన్న ఫిరంగులు తప్ప ఇంకేమీ లేవు. అది వెతుకుతున్న పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ సోనార్ మాత్రం ఖుక్రి సోనార్ కన్నా ఎక్కువ దూరం వినగలిగేది. వేటగాడికి కనిపించకముందే వేట అతన్ని చూసింది. టార్పెడో తగిలిన కొద్ది నిమిషాల్లోనే ఓడ మునిగింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో సహా 194 మంది చనిపోయారు. సోనార్‌కు దూరం లేకపోతే, జాడ తెలిసిన చోటికి ఎగిరి వెళ్లే హెలికాప్టర్ లేకపోతే, జలాంతర్గాములను వేటాడే ఓడ అన్న పేరు ఒక్కటే కాపాడదు. 1983లో చేరిన మన గోదావరి ఫ్రిగేటు రెండు పెద్ద సీకింగ్ హెలికాప్టర్లను మోసేలా రూపొందింది. హెలికాప్టరు దిగే వేదిక, షెడ్డు, ఇంధనం, ఆయుధాలు అన్నీ చోటు అడుగుతాయి. ఫ్రిగేట్లు లావెక్కడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం ఆకాశం. అలలకు ఆనుకుని వచ్చే క్షిపణి భూమి వంపు చాటు నుంచి పైకి వచ్చేదాకా ఓడ రాడార్‌కు కనిపించదు. కాబట్టి రాడార్ ఎంత ఎత్తున ఉంటే అంత ముందు కనిపిస్తుంది. నీటికి 5 మీటర్ల ఎత్తున వచ్చే క్షిపణి, 9 మీటర్ల ఎత్తున్న రాడార్‌కు సుమారు 21 కిలోమీటర్ల దూరంలో తగులుతుంది. 25 మీటర్ల ఎత్తైతే దాదాపు 30 కిలోమీటర్లలో. క్షిపణి సెకనుకు 300 మీటర్లు వస్తుంటే చిన్న ఓడకు 70 సెకన్లు, పెద్దదానికి వంద సెకన్లు దొరుకుతాయి. ఆ ముప్పై సెకన్లలోనే రెండోసారి కాల్చే అవకాశం ఉంటుంది. కానీ బరువైన రాడార్‌ను అంత ఎత్తున పెడితే ఓడ పల్టీ కొట్టకుండా కింద వెడల్పు, బరువు పెంచాలి. ఈ కొలత తెలిస్తే డిస్ట్రాయర్లు ఎందుకు పెరిగాయో, కార్వెట్ ఎందుకు తనను తాను కాచుకోవడానికే సరిపోతుందో అర్థమవుతుంది.

దీన్ని మన దళంలోనే పక్కపక్కన పెట్టి చూడవచ్చు. డిస్ట్రాయర్ ఐఎన్‌ఎస్ విశాఖపట్నం 163 మీటర్ల పొడవు, 7,400 టన్నులు. ఓడలను కొట్టే బ్రహ్మోస్‌లు 16, విమానాలనూ క్షిపణులనూ కూల్చే బరాక్‌లు 32. ఫ్రిగేట్ నీలగిరి 149 మీటర్లు. బ్రహ్మోస్‌లు 8, బరాక్‌లు మాత్రం అవే 32. ఆకాశ రక్షణలో రెండూ సమానమే, దాడిలోనే ఒకటి రెట్టింపు. అసలు అగాధం ఉన్నది కమోర్టా దగ్గర. 109 మీటర్ల ఈ కార్వెట్ 2014లో విశాఖలోనే చేరింది. రాకెట్లు, టార్పెడోలు, హెలికాప్టర్ ఉన్నాయి కానీ విమాన విధ్వంసక క్షిపణులు లేకుండానే దళంలోకి వచ్చింది. జలాంతర్గాములను వేటాడటంలో గట్టిదే అయినా, దానిపై ఆకాశాన్ని ఇంకో ఓడ కాయాలి.

పేర్లలో రాజకీయమూ లేకపోలేదు. 1975లో అమెరికా తన పెద్ద ఫ్రిగేట్లలో చాలావాటిని రాత్రికి రాత్రే క్రూజర్లుగా మార్చి రాసుకుంది, సోవియట్ క్రూజర్ల సంఖ్య ముందు తన లెక్క చిన్నగా కనబడుతోందని. జర్మనీ 7,000 టన్నుల పైబడిన తన ఎఫ్125ను ఫ్రిగేట్ అంటుంది, అందులో దూరాన్ని కాచే ఆకాశ రక్షణ క్షిపణులే లేవు. చైనా 12,000 టన్నులు దాటిన టైప్ 055ను డిస్ట్రాయర్ అంటే, పెంటగాన్ దాన్ని క్రూజర్ అని రాసుకుంటుంది.

క్రూజర్‌కు మిగిలిన ఒక్క ప్రత్యేక పని, విమానవాహక దళంలో ఆకాశ రక్షణ మొత్తాన్ని నడిపే అధికారికి, అతని బృందానికి చోటివ్వడం. అమెరికా టికొండరోగాలు చేసింది అదే. అవి కూడా డిస్ట్రాయర్ హల్ మీద కట్టినవే, మొదట డిస్ట్రాయర్లుగా ఆర్డరైనవే. అవిప్పుడు ఒక్కొక్కటే విరమిస్తున్నాయి. వాటి స్థానంలో కొత్త క్రూజర్ రావడం లేదు. 2023 అక్టోబరులో చేరిన జాక్ హెచ్ లూకస్ మొదలుకొని కొత్తరకం డిస్ట్రాయర్లకే ఆ పని అప్పగిస్తున్నారు. కొత్త రాడార్‌కు కావలసిన విద్యుత్తు, చల్లబరిచే యంత్రాలు చేర్చేసరికి ఈ డిస్ట్రాయర్ల హల్‌లో ఇక పెరగడానికి చోటు మిగల్లేదు. దాని తర్వాత వచ్చే ఓడ ఇంకా పెద్దది కావాల్సిందే.