సంఘ భవనం లెక్క: గరిడేపల్లి ప్రాంతంలో సిమెంటు, స్టీలు, ఇసుకపై గ్రామసభకు చెప్పవలసిన జవాబు

2016 అక్టోబరు 11 వరకు నల్గొండ జిల్లాలో భాగంగా ఉండి, ఆ రోజున ఏర్పడిన సూర్యాపేట జిల్లాలో చేరిన గరిడేపల్లి మండలం నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని వరి ప్రాంతం. ఇక్కడి ఊళ్లలో సంఘ భవనం కట్టాలంటే సామగ్రి కోసం చాలా దూరం వెతకనక్కరలేదు. దక్షిణాన మట్టంపల్లి, మేళ్లచెరువు ప్రాంతాల సున్నపురాతి నేలల్లో సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, పడమటి పక్కగా పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీలో ఇసుక ఉంది. సామగ్రి ఇంత దగ్గరిలో దొరకడం వల్ల ఒక చిక్కు కూడా ఉంది. ట్రాక్టరు ఎప్పుడు వచ్చింది, ఎన్ని ట్రిప్పులు దించింది, సంచులు ఎవరి వాకిట్లో పేర్చారు అన్నది ఊరంతా చూస్తుంది కాబట్టి, భవనం పూర్తికాక ముందే సామగ్రి ఎటు పోయిందన్న ప్రశ్న పుడుతుంది. దానికి గ్రామసభలో నిలబడి జవాబు చెప్పే బాధ్యత నిర్మాణ కమిటీ అధ్యక్షునిది.

ఇలా నలుగురిలో లెక్క చెప్పడం ఒక వ్యవస్థగా నిలబడటానికి చాలా కాలమే పట్టింది. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ మొదలైనా, 1964 నాటి గ్రామ పంచాయతీల చట్టం, 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం వరుసగా వచ్చినా, గ్రామసభ ఎక్కువ ఊళ్లలో తీర్మానం మీద సంతకాలు పెట్టించే సందర్భంగానే మిగిలిందని చెప్పక తప్పదు. బిల్లులను, మస్టర్లను, అంటే పనిచేసిన కూలీల హాజరు పట్టీలను, జనం ముందు పైకి చదివి వినిపించే పద్ధతి 1994 డిసెంబరులో రాజస్థాన్‌లోని కోట్‌కిరానాలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ జరిపిన బహిరంగ విచారణతో దేశం దృష్టికి వచ్చింది. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం కాగితాల నకళ్లతో పాటు పనిని స్వయంగా పరిశీలించే హక్కును, వాడిన సామగ్రి నమూనాను ధ్రువీకరించి తీసుకునే హక్కును కూడా పౌరునికి ఇచ్చింది. ఈ చివరి సంగతి తెలిసినవారు నేటికీ తక్కువే. ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ చట్టప్రకారం తప్పనిసరి కాగా, దానికోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2009లో ఒక ప్రత్యేక సంస్థనే నెలకొల్పింది. అయితే ఎంపీ నిధులతోనో, ఎమ్మెల్యే నిధులతోనో, చందాలతోనో కట్టే భవనం ఆ తనిఖీ పరిధిలోకి రాదు. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకు ఒకసారైనా జరపాలన్న గ్రామసభే అటువంటి లెక్కకు మిగిలిన చోటు.

అధ్యక్షుని చేతిలో బిల్లులతో పాటు సాధారణంగా మూడు కాగితాలుంటాయి. పనికి ముందే ఇంజనీరు వేసిన అంచనా మొదటిది. వచ్చిన, వాడిన, మిగిలిన సరుకును రాసే స్టాకు రిజిస్టరు రెండవది. కట్టిన పనిని టేపు పెట్టి కొలిచి ఇంజనీరు రాసే కొలతల పుస్తకం, అంటే ఎం.బుక్, మూడవది. ఎక్కువమంది అధ్యక్షులు బిల్లులు చదివి కూర్చుంటారు, సభ తృప్తిపడదు; ఎందుకంటే బిల్లు సరుకు వచ్చిందని మాత్రమే చెబుతుంది, ఎక్కడికి పోయిందో చెప్పదు. ఆ సంగతి కట్టిన భవనం కొలతల్లో ఉంటుంది. అందువల్ల ప్రసంగం ఎం.బుక్‌తో మొదలై బిల్లు వైపు నడవాలి.

దీనిని ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు. 40 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు గల హాలుకు 5 అంగుళాల మందంతో స్లాబు వేశారనుకుంటే, దూలాలను పక్కన పెట్టి, స్లాబు కాంక్రీటు ఒక్కటే సుమారు 417 ఘనపు అడుగులు, అంటే 11.8 ఘనపు మీటర్లు అవుతుంది. ఒక పాలు సిమెంటుకు ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు కంకర కలిపే మామూలు మిశ్రమంలో ఘనపు మీటరుకు దాదాపు 8 సంచుల సిమెంటు, సంచికి 50 కిలోల చొప్పున, పడుతుంది కాబట్టి ఈ స్లాబుకు 94 సంచులు కావాలి. వంద సంచులు వచ్చి ఆరు కనిపించకపోతే ఊళ్లో గుసగుసలు మొదలవుతాయి. కాని అసలు చూడవలసింది మరొకటి ఉంది. స్లాబు మందం 5 అంగుళాలకు బదులు నాలుగున్నర అంగుళాలే పడితే ఆ అరంగుళంలో 42 ఘనపు అడుగుల కాంక్రీటు, దానితోపాటు తొమ్మిదికి పైగా సిమెంటు సంచులు ఎగిరిపోతాయి, రిజిస్టరులో మాత్రం ఒక్క అక్షరం తేడా రాదు. ఆరు సంచుల కోసం గొంతు పెంచే సభ ఈ అరంగుళాన్ని అడగకపోవడం విచిత్రమే. స్లాబు అంచుకు ప్లాస్టరింగ్ చేయకముందు, లేదా పైపు కోసం వదిలిన రంధ్రం దగ్గర, స్కేలు పెట్టి చూస్తే మందం తెలిసిపోతుంది. ప్లాస్టరింగ్ అయ్యాక ఆ సులువైన దారి మూసుకుపోతుంది.

స్టీలు విషయంలో అనుమానం ఎక్కువ, తప్పు తక్కువ కావచ్చు. ఇదే స్లాబులో పొడవు వైపు 10 మిల్లీమీటర్ల సలాకలు, వెడల్పు వైపు 8 మిల్లీమీటర్ల సలాకలు ఆరంగుళాల ఎడంతో పరిచారనుకుంటే, వెడల్పు వైపు 25 అడుగుల సలాకలు 81 పడతాయి. బజారులో సలాక 12 మీటర్లు, అంటే 39 అడుగులకు కొంచెం పైన ఉంటుంది. ఒక్కొక్క సలాక నుంచి 25 అడుగులు కోసుకున్నాక 14 అడుగుల పైచిలుకు ముక్క మిగులుతుంది. 8 మిల్లీమీటర్ల సలాక మీటరుకు 0.395 కిలోల బరువు కాబట్టి, కొన్నది 384 కిలోలైతే స్లాబులో పరిచింది 244 కిలోలే; మిగిలిన 140 కిలోలు ముక్కల రూపంలో ఉంటాయి. ఈ తేడా ఎవరూ ఎత్తుకుపోయినది కాదు, కోతలో పుట్టినది. దూలాల చుట్టూ చుట్టే రింగుకు నాలుగడుగులు పడితే ముక్కకు మూడు రింగులు వస్తాయి. అలా 117 కిలోలు దూలాల్లోకి పోయి, చివరికి రెండడుగుల తునకలుగా 23 కిలోలు మిగలాలి. రింగుల కోసం వేరుగా సలాకలు కొన్నట్టు బిల్లు ఉండి, 14 అడుగుల ముక్కలు ఎక్కడా లేకపోతే, అప్పుడు అనుమానానికి ఆధారముంది. పొడవు వైపు కథ దీనికి తిరగబడినది: 40 అడుగులకు 39 అడుగుల సలాక చాలదు కాబట్టి ఒకదానిపై ఒకటి అతికే జోడింపు అవసరమై, అంచనా కన్నా కొంత ఎక్కువ ఇనుమే పడుతుంది.

సలాకలను లెక్కపెట్టగలిగేది కాంక్రీటు పోయకముందే అన్నది ఇక్కడ ముఖ్యమైన పరిమితి. ఆ రోజు ఉదయం ఇంజనీరుతో పాటు వార్డు సభ్యులు ఇద్దరు సెంట్రింగ్ మీదికి ఎక్కి సలాకలు లెక్కించి, వాటి మధ్య ఎడాన్ని కొలిచి రాసిన కాగితం ఉంటే, అధ్యక్షుడు దానిని చదివితే చాలు. బరువు విషయంలో కూడా జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఈ సన్న సలాకల తయారీలో బరువు 7 శాతం వరకు అటూ ఇటూ ఉండటాన్ని ప్రమాణాలే అనుమతిస్తాయి. కట్టల లెక్క కాకుండా వేబ్రిడ్జి కాంటా చీటీని రిజిస్టరుకు అతికించడం అందుకే మేలు.

ఇసుక అన్నిటికన్నా తేలికగా తగాదా తెచ్చే సరుకు. తడి ఇసుక రేణువుల చుట్టూ నీటిపొర ఏర్పడి, అవి ఒకదానికొకటి ఎడమై, ఇసుక ఉబ్బుతుంది. నాలుగైదు శాతం తేమకే పావు వంతు దాకా ఉబ్బడం మామూలు. ఉదాహరణలోని స్లాబుకు లెక్కప్రకారం 173 ఘనపు అడుగుల పొడి ఇసుక కావాలి, కాని నది నుంచి వచ్చిన తడి ఇసుకగా కొలిస్తే అదే 216 ఘనపు అడుగులవుతుంది. ట్రాక్టరుకు సుమారు 100 ఘనపు అడుగులు అనుకుంటే, ఇంజనీరు రెండు ట్రిప్పుల లోపే చాలునంటాడు, మేస్త్రీ రెండు ట్రిప్పులు దాటిందంటాడు; ఇద్దరూ నిజమే చెబుతున్నారు. దీనిని సభలోనే నిరూపించవచ్చు. నిటారైన డబ్బాలో పది అంగుళాల ఎత్తున తడి ఇసుక పోసి, నీళ్లు నింపి, కలిపి, అణగనిస్తే, ఎనిమిది అంగుళాలకు దిగినప్పుడు ఉబ్బు రెండంగుళాలు, అంటే నాలుగో వంతు అన్నమాట. ఈ సవరణ చేయకుండా తడి ఇసుకనే పెట్టెతో కొలిచి మిక్సరులో వేస్తే మిశ్రమంలోకి అసలు ఇసుక తక్కువ పోతుంది, దానివల్ల అంతే కాంక్రీటుకు సిమెంటు కొంత ఎక్కువ ఖర్చవుతుంది. ఇసుక మిగిలి సిమెంటు చాలని భవనాలలో ఇదొక కారణం కావచ్చు.

ఈ లెక్కలన్నిటినీ సభలో పూర్తిగా వివరిస్తే ఎవరూ వినరు. నమూనాగా కూర్చిన ఒక చిన్న ప్రసంగం ఇంతలో ముగియవచ్చు:

“పెద్దలకు, అక్కచెల్లెండ్లకు నమస్కారం. స్లాబుకు సిమెంటు 100 సంచులు వచ్చినయి. 94 మిక్సర్ల పడ్డయి, వాటి ఖాళీ సంచులు కట్టలుగట్టి ఇక్కడనే ఉన్నయి, లెక్కబెట్టుకోవచ్చు. రెండు సంచులు చెమ్మకు గడ్డకట్టినయి, వాడలేదు, చూపిస్త. నాలుగు మిగిలినయి, అవీ ఇక్కడనే ఉన్నయి. 8 ఎం.ఎం. సలాకలు 81 తెచ్చినం, 384 కిలోలు. స్లాబుల పరిచింది 244, రింగులకు 117, తునకలు 23 కిలోలు పంచాయతీ గదిల ఉన్నయి. ఇసుక మూడు ట్రిప్పులు. తడి మీద కొలిస్తె స్లాబుకు 216 అడుగులు పోయింది, 84 అడుగులు గోడ పక్కన కుప్ప ఉంది. స్లాబు అంచు ఇంకా పూయలేదు. ఎవరైనా టేపు తెచ్చి మందం చూసుకోవచ్చు. 10 ఎం.ఎం. లెక్క, దూలాల లెక్క కాగితం బోర్డుకు అంటించినం. అడగండి.”

ఈ ప్రసంగంలో వచ్చినది, భవనంలో ఉన్నది, మిగిలినది అన్న మూడు అంకెలు ప్రతి సరుకుకూ కలిసిపోతున్నాయి. అంతకన్నా ముఖ్యంగా, మిగిలిన ప్రతిదానికీ చూపగల చోటు ఉంది. “పనికి వాడాము”, “వృథా పోయింది” అన్న మాటలు అందులో లేవు. గడ్డకట్టిన సంచులను ఒప్పుకోవడం కూడా లెక్కలో భాగమే. చెమ్మ తగలకుండా దాచినా మూడు నెలలకు సిమెంటు బలంలో సుమారు ఐదో వంతు తగ్గుతుందని అంటారు కాబట్టి, పాత నిల్వను కలిపేయడం కన్నా పక్కన పెట్టడమే మంచిది. ఇక మిగిలిన నాలుగు సంచులు, 23 కిలోల తునకలు, ఇసుక కుప్ప ఏమి చేయాలన్నది అధ్యక్షుడు ఒక్కడు తేల్చేది కాదు: మరుగుదొడ్డి ప్లాస్టరింగ్‌కు వాడాలా, వేలం వేసి రశీదు రాసి పంచాయతీ ఖాతాలో జమ చేయాలా అన్నది అదే సభ తీర్మానించి, ఆ తీర్మానం నకలును స్టాకు రిజిస్టరు చివరి పేజీకి అతికించినప్పుడే ఆ రిజిస్టరును మూసివేయవచ్చు.