ఒక కడ్డీ, ఒక నీళ్ళ ధార, ఒక గీత: జోమినీ టెస్ట్ కథ

పోయిన ఎపిసోడ్ కింద ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, లావు షాఫ్ట్‌కి ఏ స్టీల్ తీసుకోవాలో షాపువాళ్ళు నోటిమాటగా చెప్పేస్తారు. అది ఎలా తెలుస్తుంది?" మంచి ప్రశ్న. దీనికి జవాబు 1938లో పుట్టిన ఒక గ్రాఫ్‌లో ఉంది. ఆ గ్రాఫ్ చదవడం రాక నేను ఒకసారి దెబ్బతిన్నాను. ముందు ఆ సంగతి చెప్తాను.

నేను హీట్ ట్రీట్‌మెంట్ పనిలో చేరిన కొత్తలో మా దగ్గరికి 75 మిల్లీమీటర్ల రౌండ్ బార్ ఒకటి వచ్చింది. స్టీల్ ఈఎన్ 19. దాన్ని ఫర్నేస్‌లో వేడిచేసి, ఆయిల్‌లో ముంచి, టెంపరింగ్ చేసి ఇచ్చాం. పైన హార్డ్‌నెస్ చూస్తే డ్రాయింగ్‌లో అడిగినంతా ఉంది. సంతకం పెట్టింది నేనే. తర్వాత లేత్ మీద ఆ బార్‌కి ఒక చివర బేరింగ్ కోసం 40 మిల్లీమీటర్లకి తిప్పారు. కొన్ని నెలలకి సరిగ్గా ఆ మెట్టు దగ్గరే షాఫ్ట్ విరిగింది. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు.

విరిగిన ముక్కని అడ్డంగా కోయించి, అంచు నుంచి మధ్య దాకా హార్డ్‌నెస్ చూశాం. లోపలికి వెళ్ళేకొద్దీ మూడు నాలుగు పాయింట్లు తగ్గింది, అంతే. "ఇంతేగా" అనుకున్నాను. మా సీనియర్ ఆయన మైక్రోస్కోప్ కింద పెట్టి చూపించారు. అంచు దగ్గర ఒక రకం స్టీల్, లోపల ఇంకో రకం స్టీల్ ఉన్నట్టుంది. లోపలి భాగం అసలు సరిగా గట్టిపడనే లేదు. టెంపరింగ్ తర్వాత రెండింటి హార్డ్‌నెస్ దగ్గరకొచ్చేస్తుంది కాబట్టి మీటర్ మీద తేడా చిన్నదిగా కనపడింది. కానీ పదేపదే వంగే బరువుని ఓర్చుకోవడంలో మాత్రం ఆ తేడా పెద్దదే.

ఇక్కడ జరిగేది ఏంటంటే, స్టీల్‌ని ఎర్రగా కాల్చి గబుక్కున చల్లారిస్తే మార్టెన్‌సైట్ అనే గట్టి నిర్మాణం వస్తుంది. నెమ్మదిగా చల్లారితే మెత్తటి నిర్మాణాలు వస్తాయి. లావు బార్‌ని ఆయిల్‌లో వేస్తే పైభాగం తొందరగా చల్లారుతుంది. మధ్యలో ఉన్న వేడి మాత్రం అంత దూరం ప్రయాణం చేసి బయటికి రావాలి. కాబట్టి ఒకే బార్‌లో అంచుది ఒక వేగం, మధ్యది ఇంకో వేగం. ఎంత నెమ్మదిగా చల్లారినా ఏ స్టీల్ గట్టిపడగలదు? ఆ గుణాన్నే హార్డెనబిలిటీ అంటారు. హార్డ్‌నెస్ వేరు, ఇది వేరు. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు చరిత్రలోకి వెళ్దాం. ఒకప్పుడు ఈ గుణాన్ని కొలవాలంటే ఒకే స్టీల్‌తో రకరకాల లావు కడ్డీలు చేసి, అన్నిటినీ క్వెంచ్ చేసి, ఒక్కొక్కటీ కోసి చూడాల్సి వచ్చేది. బోలెడంత పని. అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో వాల్టర్ జోమినీ, ఎ. ఎల్. బోగెహోల్డ్ అనే ఇద్దరు దీన్ని తలకిందులు చేసి ఆలోచించారు. పది కడ్డీలు ఎందుకు? ఒక్క కడ్డీలోనే అన్ని వేగాలూ తెప్పిస్తే సరిపోదా? 1938లో వాళ్ళు ప్రచురించిన టెస్ట్ ఇదే.

ఒక అంగుళం లావు, నాలుగు అంగుళాల పొడవు కడ్డీ. అంటే సుమారు 25 మిల్లీమీటర్లు, 100 మిల్లీమీటర్లు. దాన్ని ఆ స్టీల్‌కి తగిన వేడికి, ఉదాహరణకి 845 డిగ్రీల సెల్సియస్‌కి, కాల్చి ఒక స్టాండ్‌కి నిలువుగా వేలాడదీస్తారు. కింద నుంచి నీళ్ళ ధార కడ్డీ అడుగు ముఖానికి మాత్రమే తగులుతుంది, పక్కలకి తగలదు. అడుగున చాలా వేగంగా చల్లారుతుంది, పైకి వెళ్ళేకొద్దీ నెమ్మదిస్తుంది. 700 డిగ్రీల దగ్గర చూస్తే, అడుగు నుంచి 1.6 మిల్లీమీటర్ల చోట సెకనుకి దాదాపు 270 డిగ్రీలు పడిపోతుంది. 25 మిల్లీమీటర్ల చోట ఐదారు డిగ్రీలే.

చల్లారాక కడ్డీకి పక్కన పొడుగునా 0.4 మిల్లీమీటర్ల లోతు సన్నగా గ్రైండ్ చేసి చదును చేస్తారు. గ్రైండింగ్‌లో కడ్డీ వేడెక్కితే హార్డ్‌నెస్ పడిపోయి టెస్ట్ అబద్ధం చెప్తుంది, అందుకే ఇక్కడ తొందర పనికిరాదు. తర్వాత అడుగు నుంచి మొదలుపెట్టి ప్రతి 1.6 మిల్లీమీటర్లకి రాక్‌వెల్ సి స్కేల్‌లో హార్డ్‌నెస్ కొలిచి గ్రాఫ్ గీస్తారు. అంతే, మన గీత వచ్చేసింది.

ఆ గీతని చదవడానికి రెండే విషయాలు. గీత ఎడమ చివర ఎంత ఎత్తులో మొదలవుతుందో అది ముఖ్యంగా కార్బన్ చెప్తుంది. 0.4 శాతం కార్బన్ ఉన్న స్టీల్స్ అన్నీ ఇంచుమించు ఒకే ఎత్తులో, 57 దరిదాపుల్లో మొదలవుతాయి. ఆ తర్వాత గీత ఎంత తొందరగా కిందికి జారుతుందో అది క్రోమియం, నికెల్, మాలిబ్డినం, మాంగనీస్ లాంటి మిశ్రమ లోహాలు చెప్తాయి. మామూలు కార్బన్ స్టీల్ 1040 పది మిల్లీమీటర్లు దాటేలోపే కింద పడిపోతుంది. 4340 మాత్రం 50 మిల్లీమీటర్ల దాకా దాదాపు అడ్డంగానే నడుస్తుంది.

ఇక్కడే అందరూ పడే గుంట ఒకటుంది. నేనూ పడ్డాను. గ్రాఫ్ అడుగున 24 మిల్లీమీటర్లు అని ఉంటే, నా షాఫ్ట్‌లో 24 మిల్లీమీటర్ల లోతు అనుకున్నాను. కాదండీ. అది లోతు కాదు, చల్లారే వేగానికి పెట్టిన పేరు. మీ షాఫ్ట్‌లో ఫలానా చోటు, టెస్ట్ కడ్డీలో ఏ దూరంలో ఉన్న చోటుతో సమానంగా చల్లారుతుందో చెప్పే ఇంకో చార్ట్ ఉంటుంది. బార్ లావు, నీళ్ళా ఆయిలా, ఆయిల్‌ని ఎంత కదిలిస్తున్నారు, ఇవన్నీ అందులోకి వస్తాయి. ముందు ఆ చార్ట్, తర్వాత జోమినీ గీత. ఈ వరస తప్పకూడదు.

ఈ టెస్ట్‌కి అసలైన పరీక్ష రెండో ప్రపంచ యుద్ధం. నికెల్, క్రోమియం దొరకడం కష్టమైంది. 1942లో అమెరికాలో నేషనల్ ఎమర్జెన్సీ స్టీల్స్ అని కొత్త రకాలు తెచ్చారు. వాటిలో 8600 వరస ప్రసిద్ధి. 4340లో నికెల్ ఒకటిన్నర శాతం పైనే ఉంటే, 8640లో అర శాతం దగ్గర. మూడు మిశ్రమాలూ తలా కొంచెం వేశారు. ఇది పాతదాని బదులు పనిచేస్తుందా అని ఎలా నమ్మాలి? గీతలు పోల్చి చూడటమే. మీకు కావాల్సిన దూరం దగ్గర రెండు గీతలూ ఒకే ఎత్తులో ఉంటే, లోపల నికెల్ ఎంత ఉందనేది అక్కడ పెద్ద విషయం కాదు. ఎక్కువ లావు దగ్గరికి వచ్చేసరికి మాత్రం 8640 గీత జారిపోతుంది, అక్కడ 4340కి అది బదులు కాలేదు.

మన వర్క్‌షాపుల్లో ఈఎన్ 8, ఈఎన్ 19, ఈఎన్ 24 అంటాం చూశారా? ఆ పేర్లు కూడా 1941 నాటి బ్రిటిష్ స్టాండర్డ్ నుంచి వచ్చినవే. ఈఎన్ అంటే ఎమర్జెన్సీ నంబర్ అని చెబుతారు. ఈఎన్ 8 అంటే ఇంచుమించు 1040, ఈఎన్ 19 అంటే ఇంచుమించు 4140, ఈఎన్ 24 అంటే 4340కి దగ్గర చుట్టం.

సరే, ఇప్పుడు నా షాఫ్ట్‌ని లెక్కలో పెడదాం. 75 మిల్లీమీటర్ల బార్, కొంచెం కదిలించిన ఆయిల్. చార్ట్ ప్రకారం దాని ఉపరితలం జోమినీ కడ్డీలో సుమారు 10 మిల్లీమీటర్లతో సమానం. 40 మిల్లీమీటర్లకి తిప్పాక బయటపడిన చోటు అసలు బార్‌లో సగం వ్యాసార్ధం దగ్గరది. అది సుమారు 24 మిల్లీమీటర్లతో సమానం.

4140 గీత చూడండి. నిజానికి అది ఒక గీత కాదు, ఒక పట్టీ. ఎందుకంటే ఒక్కో హీట్‌లో రసాయనం కొంచెం కొంచెం మారుతుంది. 24 మిల్లీమీటర్ల దగ్గర ఆ పట్టీ పై అంచు 54, కింది అంచు 36. పద్దెనిమిది పాయింట్ల తేడా, ఒకే పేరున్న స్టీల్‌లో! 0.4 శాతం కార్బన్ స్టీల్‌లో సగం మార్టెన్‌సైట్ రావాలన్నా క్వెంచ్ అయ్యాక సుమారు 43 ఉండాలి. అంటే మంచి హీట్ వస్తే బతుకుతాం, కింది అంచు హీట్ వస్తే పోతాం. మేం చేసింది లాటరీ. ఎప్పుడూ కింది అంచునే చదవాలి అని అందుకే అంటారు.

"అయితే ఈఎన్ 24 వేసుంటే సరిపోయేదిగా?" అంటారు. సరిపోయేది. 4340 పట్టీ కింది అంచు అదే చోట 48 దరిదాపుల్లో ఉంటుంది. కానీ రేటు ఎక్కువ. పైగా ఎక్కువ హార్డెనబిలిటీ ఉన్నదాన్ని ఆత్రంగా నీళ్ళలో ముంచితే పగుళ్ళు వస్తాయి.

మా సీనియర్ చెప్పిన దారి ఇంకోటి. స్టీల్ మార్చకుండా పని వరస మార్చడం. ముందు లేత్ మీద ఆ చివరని 42 మిల్లీమీటర్లకి రఫ్‌గా తిప్పి, అప్పుడు క్వెంచ్ చేయాలి. 42 మిల్లీమీటర్ల భాగం ఉపరితలం జోమినీలో సుమారు 6 మిల్లీమీటర్లతో సమానం. అక్కడ 4140 కింది అంచు కూడా 51. దాని మధ్యభాగం 16 మిల్లీమీటర్లతో సమానం, కింది అంచు 42. వంగే షాఫ్ట్‌లో మధ్యన పెద్దగా బలం పడదు కాబట్టి ఇది చాలు. చివర్లో ఒక్కో పక్క ఒక మిల్లీమీటర్ ఫినిషింగ్. మెట్టు మూలలో మాత్రం మంచి రేడియస్ ఇవ్వాలి, లేకపోతే క్వెంచ్‌లోనే అక్కడ పగులుతుంది. మా పాత షాఫ్ట్‌లో ఆ రేడియస్ కూడా చిన్నదే, రెండు తప్పులూ కలిశాయి.

అదే ఒక బోల్ట్ లేదా లాగే రాడ్ అనుకోండి. అందులో బలం మధ్య దాకా సమానంగా పడుతుంది. అప్పుడు మధ్యభాగానికే లెక్క చూడాలి, స్టీల్ మార్చక తప్పదు.

ఇంకో మాట. ఈ గీత అన్నిటికీ పనికిరాదు. 300 మిల్లీమీటర్ల ఫోర్జింగ్ లాంటిదైతే దాని మధ్యభాగం మొత్తం జోమినీ కడ్డీలో ఏ చోటుకన్నా నెమ్మదిగా చల్లారుతుంది. గీత అక్కడిదాకా చేరదు. అప్పుడు అదే లావు ముక్కని కోసి చూడాల్సిందే.

కాబట్టి తమ్ముడూ, షాపుకి వెళ్తే స్టీల్ పేరు అడగడంతో ఆపకు. ఆ హీట్ నంబర్ టెస్ట్ సర్టిఫికెట్‌లో జోమినీ రీడింగులు ఉన్నాయా అని అడుగు. ఉంటే, పట్టీతో పనిలేదు, నీ బార్ గీత నీ చేతిలోనే ఉంటుంది. లేకపోతే కింది అంచు చదువు. క్వెంచ్ తర్వాత లేత్ మీద ఎంత తీసేస్తారో ముందే కనుక్కో. ఆ రోజు సంతకం పెట్టేముందు నేను అడగనిది అదొక్కటే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండి.