ఎక్కే నాడి, దిగే నాడి

మనం టీఎంటీ అని పిలుచుకునే పరీక్షకు ఆరంభం ట్రెడ్‌మిల్ కాదు, రెండు మెట్లు. 1929లో న్యూయార్క్ వైద్యుడు ఆర్థర్ మాస్టర్, ఓపెన్‌హైమర్ సహకారంతో, రోగిని చిన్న మెట్ల బల్ల ఎక్కించి దింపుతూ నాడి, రక్తపోటు చూశాడు. శ్రమ ఆగాక అవి ఎంత త్వరగా మామూలుకొస్తాయన్నదే ఆయనకు ముఖ్యం. తర్వాత ఈసీజీ వచ్చి చేరడంతో అందరి కళ్లూ దాని గీత మీదికి మళ్లాయి.

మెట్లతో ఓ ఇబ్బంది ఉంది. శ్రమను కొంచెం కొంచెంగా పెంచడం కుదరదు. సియాటిల్‌లో రాబర్ట్ బ్రూస్ 1963 నాటికి దీన్ని పరిష్కరించాడు. ఆయన పద్ధతిలో ట్రెడ్‌మిల్ గంటకు 2.7 కిలోమీటర్ల వేగంతో, 10 శాతం ఎత్తుతో మొదలవుతుంది. మూడేసి నిమిషాలకోసారి వేగమూ ఎత్తూ పెరుగుతాయి. నేటికీ ఎక్కువగా వాడేది ఇదే.

మరి ఎంతవరకు నడిపించాలి? 1970ల మొదట్లో శామ్యూల్ ఫాక్స్, విలియం హాస్కెల్ అప్పటికే ఉన్న కొన్ని అధ్యయనాల అంకెల మీదుగా ఒక గీత గీశారు. 220 లోంచి వయసు తీసేయడమనే సూత్రం అలా వచ్చింది. అది సగటు మాత్రమే. ఒకే వయసువాళ్లలో పది పన్నెండు అటూ ఇటూ ఉండటం మామూలే. అయినా రిపోర్టుల్లో అదేదో శాసనంలా కూర్చుంది.

అరవై ఏళ్ల మనిషిని తీసుకుందాం. సూత్రం ప్రకారం 160. అందులో 85 శాతం, అంటే 136 దాటితే పరీక్ష సరిపోయిందంటారు. ఆయన బీపీకి మెటోప్రొలాల్ వాడుతున్నారు. నాడి 118 దగ్గరే ఆగింది, కాళ్లు లాగాయి, ఈసీజీలో మార్పేమీ లేదు. దీన్ని ‘నెగెటివ్’ అనకూడదు. మాత్ర నాడిని అణచడంతో గుండెకు తగినంత పని పడలేదు. రక్తనాళంలో అడ్డు ఉన్నా బయటపడే అవకాశం తక్కువ. అందుకే డాక్టర్ ‘తేల్చలేం’ అని రాసి, వేరే పరీక్షో, మాత్ర ఆపించి మళ్లీ ఇదే పరీక్షో చెబుతారు. మాత్ర ఆపడం మాత్రం సొంతంగా చేయకూడదు, ప్రమాదం. అలాంటి మందేదీ లేకుండానే నాడి పెరగకపోతే, అదే ఒక హెచ్చరిక.

మాస్టర్ చూసిన దిగే నాడి మళ్లీ పెద్దగా చర్చకొచ్చింది 1999లో. క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు 2,428 మందిని ఆరేళ్లు గమనించారు. పరీక్ష ముగిశాక మొదటి నిమిషంలో నాడి 12 లేదా అంతకంటే తక్కువే తగ్గినవారిలో 19 శాతం మంది, మిగతావారిలో 5 శాతం మంది చనిపోయారు. శ్రమ ఆగగానే నాడికి కళ్లెం వేసేది వేగస్ నరం. నాడి నెమ్మదిగా దిగిందంటే ఆ పట్టు సడలిందని అర్థం. 150 నుంచి 136కి వస్తే ఫరవాలేదు, 140 దగ్గరే ఉంటే ఆలోచించాలి. అయితే ఆ అధ్యయనంలో రోగులను వెంటనే ఆపకుండా నెమ్మదిగా నడిపించారు. పరీక్ష కాగానే పడుకోబెడితే నాడి ఇంకా వేగంగా దిగుతుంది, కనుక 12 అనే హద్దు అక్కడ పనికిరాదు.