ఆంథాలజీ సిరీస్: కథలు వేరు, ఇతివృత్తం ఒకటే

ధారావాహికలో ఒక ఎపిసోడ్‌లో పడిన ముడి తరువాతి వాటిలో వీడుతుంది. ఆంథాలజీ సిరీస్‌లో ఆ కొనసాగింపు ఉండదు. ప్రతి ఎపిసోడ్‌కు వేరు కథ, వేరు పాత్రలు, తనదైన ముగింపు ఉంటాయి. వాటిని ఒకచోట చేర్చేది ఉమ్మడి ఇతివృత్తం.

2021 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైన తమిళ సిరీస్ ‘నవరస’ ఇందుకు చక్కని ఉదాహరణ. ఇందులో తొమ్మిది ఎపిసోడ్లకు తొమ్మిది రసాలు, తొమ్మిది మంది దర్శకులు.

వసంత్ దర్శకత్వం వహించిన ‘పాయసం’ బీభత్స రసానికి చెందినది. కథాకాలం 1965. బంధువు ఎదుగుదలను ఓర్వలేని ఒక వృద్ధుడు, ఆ ఇంటి పెళ్లిలో పాయసపు గంగాళాన్ని బోర్లా తోసేస్తాడు. జుగుప్స కలిగించేది రక్తపాతం కాదు, మనసులోని అసూయ. బిజోయ్ నంబియార్ రూపొందించిన ‘ఎదిరి’ కరుణ రసాన్ని ఎంచుకుంది. అందులో హంతకుడు, హతుని భార్య ఎదురెదురుగా నిలుస్తారు.

వృద్ధుడికి తరువాత ఏమైందో మరే ఎపిసోడ్ చెప్పదు. అందువల్ల వీటిని ఏ వరుసలోనైనా చూడవచ్చు. ముగింపు అసంపూర్ణంగా తోచినప్పుడు జవాబును తరువాతి ఎపిసోడ్‌లో కాక, ఆ ఎపిసోడ్ తీసుకున్న రసం ఏ పాత్రలో, ఏ సన్నివేశంలో పుట్టిందన్న దానిలో వెతకాలి.