అంతర్గత ఆడిట్ నివేదికలో పరిశీలన, రిస్క్ రేటింగ్, యాజమాన్య స్పందన: పదాల ఏకరూపత

అంతర్గత ఆడిట్ నివేదికలో ప్రతి అంశానికీ మూడు భాగాలుంటాయి. ఆడిటర్ చూసింది పరిశీలన, అది ఎంత ప్రమాదకరమో చెప్పేది రిస్క్ రేటింగ్, దాన్ని ఎలా సరిదిద్దుతారో శాఖ అధికారులు రాసిచ్చేది యాజమాన్య స్పందన. ఈ మూడూ ఒకే కొలతతో, ఒకే అర్థమున్న మాటలతో సాగడాన్ని నివేదిక ఏకరూపత అంటారు. ఏకరూపత ఉందంటే అన్ని శాఖలకూ ఒకే రేటింగ్ వస్తుందని కాదు. ఏ శాఖకు ఏ రేటింగ్ ఎందుకు వచ్చిందో పరిశీలనలోని మాటలే చెప్పగలగాలి.

నియమాల నేపథ్యం

భారతదేశంలో కొన్ని వర్గాల కంపెనీలకు అంతర్గత ఆడిట్‌ను 2013 కంపెనీల చట్టం 138వ సెక్షన్ తప్పనిసరి చేసింది. బ్యాంకులు రిస్క్ ఆధారిత అంతర్గత ఆడిట్‌కు మారేందుకు రిజర్వు బ్యాంకు 2002లో మార్గదర్శకాలిచ్చింది. అంతర్జాతీయంగా, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంటర్నల్ ఆడిటర్స్ 2024 జనవరిలో విడుదల చేసిన ప్రమాణాలు 2025 జనవరి 9 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం ప్రతి లోపం ప్రాధాన్యాన్నీ తేల్చాలి. దాన్ని సరిదిద్దే బాధ్యత ఎవరిదో, ఎప్పటిలోగా పూర్తి చేస్తారో తుది నివేదికలో చెప్పాలి. అయితే ఏ కొలబద్ద వాడాలన్నది ఆయా సంస్థల ఆడిట్ విభాగానికే వదిలేశాయి. హై, మీడియం, లో అన్న మాటలకు అర్థాన్ని ప్రతి సంస్థా ముందే రాసిపెట్టుకోవలసి రావడానికి కారణం ఇదే.

పరిశీలన నిర్మాణం

పూర్తి పరిశీలన నాలుగు ప్రశ్నలకు జవాబిస్తుంది: ఎలా ఉండాలి, ఎలా ఉంది, ఎందుకలా జరిగింది, దానివల్ల ఏం కావచ్చు. మొదటిది ప్రమాణం, రెండోది స్థితి, మూడోది మూలకారణం, నాలుగోది పర్యవసానం.

బంగారు రుణాలిచ్చే ఒక ఊహాజనిత సంస్థను ఉదాహరణగా తీసుకుందాం. స్ట్రాంగ్ రూమ్‌కు రెండు తాళాలు, ఇద్దరు అధికారుల దగ్గర చెరొకటి ఉండాలన్నది నియమం. తెరిచిన ప్రతిసారీ ఇద్దరూ జాయింట్ కస్టడీ రిజిస్టర్‌లో సంతకం చేయాలి. మొదటి శాఖను చూసిన ఆడిటర్ ముసాయిదాలో ఇలా రాశారు: ‘తాళాల నిర్వహణలో తీవ్ర నిర్లక్ష్యం కనిపించింది. చాలా సందర్భాల్లో సంతకాలు లేవు.’

ఈ వాక్యాల్లో కోపమే తప్ప కొలత లేదు. ‘చాలా’ అంటే ఎన్నో తెలియదు. ‘నిర్లక్ష్యం’ అన్నది తీర్పే కానీ, చూసిన విషయం కాదు. ఎందుకలా జరిగిందో అడిగిన జాడ కూడా లేదు. దాన్నే తిరగరాస్తే ఇలా ఉంటుంది:

‘నియమం ప్రకారం స్ట్రాంగ్ రూమ్‌ను ఇద్దరు అధికారులు కలిసి తెరవాలి. జూన్ నెలలోని 24 పనిదినాల్లో 7 రోజులు రిజిస్టర్‌లో ఒక్కరి సంతకమే ఉంది. ఆ రోజుల్లో రెండో అధికారి సెలవులో ఉండి, తన తాళం మొదటి అధికారికే ఇచ్చారు. సెలవు రోజుల్లో తాళం ఎవరికి అప్పగించాలో శాఖలో లిఖిత ఉత్తర్వు లేదు. అందువల్ల ఆ 7 రోజులు ఒక్కరే బంగారం దగ్గరకు వెళ్లగలిగే పరిస్థితి ఏర్పడింది. శాఖలోని 612 ప్యాకెట్లలో మచ్చుకు 40 తూచి చూడగా తరుగు కనిపించలేదు.’

చివరి వాక్యం శాఖకు అనుకూలమైనదైనా వదలకూడదు. అలాగని ‘బంగారం అంతా సరిగానే ఉంది’ అనీ రాయకూడదు. తూచింది 40 ప్యాకెట్లే కాబట్టి మాట కూడా ఆ నలభై దగ్గరే ఆగాలి.

రేటింగ్ తేల్చడం

ఈ సంస్థ నష్ట తీవ్రతకూ, జరిగే అవకాశానికీ 1 నుంచి 5 వరకు మార్కులు వేసి, రెండింటినీ గుణిస్తుందనుకుందాం. ఫలితం 12 లేదా అంతకు మించితే హై, 6 నుంచి 11 వరకు మీడియం, అంతకు లోపు లో. మొదటి శాఖలో తాకట్టు బంగారం విలువను బట్టి తీవ్రత 4, ఏడు రోజులు రెండు తాళాలూ ఒకరి చేతిలోనే ఉన్నందున అవకాశం 3. మొత్తం 12, అంటే హై.

రెండో శాఖలోనూ రిజిస్టర్‌లో సంతకాలు తప్పాయి. కానీ అక్కడ రెండు రోజులే. ఇద్దరూ కలిసే లోపలికి వెళ్లినట్టు సీసీటీవీలో ఉంది, సెలవు రోజుల ఉత్తర్వూ ఉంది. తీవ్రత 4, అవకాశం 2, మొత్తం 8. అది మీడియం. రెండు పరిశీలనలకూ ‘జాయింట్ కస్టడీ నియమోల్లంఘన’ అనే ఒకే శీర్షిక పెట్టి, వివరం లేకుండా రెండు రేటింగులు ఇస్తే, మొదటి శాఖ మేనేజర్ ‘వాళ్లకో న్యాయం, మాకో న్యాయమా?’ అని అడుగుతారు. వివరం పరిశీలనలోనే ఉంటే ఆ ప్రశ్నకు జవాబు నివేదికే ఇస్తుంది.

గుణకారానికి ఒక పరిమితి ఉంది. అరుదుగా జరిగినా సంస్థను ముంచేసే నష్టం (5×1), రోజూ జరిగే చిల్లర పొరపాటు (1×5) రెండూ 5 దగ్గరే ఆగుతాయి. అందుకే తీవ్రత 5 ఉన్న అంశాన్ని మీడియం కంటే తగ్గించకూడదన్న అదనపు నియమాన్ని పెట్టుకోవచ్చు. కొలబద్దను దాటి రేటింగ్ మార్చిన ప్రతిసారీ కారణాన్ని అక్కడే ఒక వాక్యంలో రాయాలి.

యాజమాన్య స్పందన

‘గమనించాం, ఇకపై జాగ్రత్త పడతాం’ అన్నది ఆడిట్ నివేదికల్లో బాగా అలవాటైన స్పందన. ఎవరు, ఏం, ఎప్పటికి చేస్తారో అందులో లేదు కాబట్టి తర్వాత తనిఖీ చేయడానికి ఏమీ మిగలదు. పనికొచ్చే స్పందన ముందుగా అంగీకారమో, పాక్షిక అంగీకారమో, అనంగీకారమో చెబుతుంది. ఆపైన చర్య, బాధ్యుడి హోదా, గడువు, పూర్తయిందనడానికి చూపే ఆధారం ఉంటాయి.

చర్య మూలకారణానికి తగలాలి. మొదటి శాఖ నుంచి ‘ఆ 7 రోజుల సంతకాలూ పెట్టించాం, లోపం సరిదిద్దాం’ అని జవాబు వచ్చిందనుకోండి. అది దిద్దుబాటు కాదు, జరిగినదాన్ని రికార్డులోంచి చెరిపేయడం. అప్పుడు లేని మనిషి ఇప్పుడు సంతకం చేయడం మొదటి లోపం కంటే పెద్దది. దాన్ని వేరే పరిశీలనగా నమోదు చేసి, పైఅధికారుల దృష్టికి తీసుకెళ్లాలి. సరైన స్పందన ఇలా ఉంటుంది: ‘అంగీకరిస్తున్నాం. సెలవు రోజుల్లో రెండో తాళం అసిస్టెంట్ మేనేజర్‌కు అప్పగించేలా శాఖ మేనేజర్ ఆగస్టు 15లోగా ఉత్తర్వు ఇస్తారు. ఉత్తర్వు ప్రతి, సెప్టెంబరు నెల రిజిస్టర్ ఆధారంగా చూపుతాం.’

స్పందనలోని మాటలు యాజమాన్యానివి. ఆడిటర్ వాటిని దిద్దకూడదు. చాలకపోతే తిప్పి పంపవచ్చు, లేదా కింద తన వ్యాఖ్య చేర్చవచ్చు. అంగీకారం కుదరకపోతే ఇరుపక్షాల వాదననూ నమోదు చేయాలి. హామీ ఇచ్చారని రేటింగ్ తగ్గించకూడదు. నివేదిక వెలువడేలోపే చర్య పూర్తయితే ఆ సంగతి తప్పక రాయాలి, కానీ రేటింగ్ మాత్రం ఆడిట్ నాటి స్థితికే చెందుతుంది.

ఏకరూపతను పరీక్షించడం

ముసాయిదాలో రేటింగులు కప్పేసి, ఆ శాఖను చూడని మరో ఆడిటర్‌కు ఇవ్వాలి. పరిశీలన చదివి కొలబద్ద ప్రకారం తాను మార్కులు వేస్తారు. అదే రేటింగ్ వస్తే మాటలు సరిపోయినట్టు. తేడా వస్తే, రాసినవారి మనసులో ఉండి కాగితం మీదికి రాని విషయం ఏదో ఉందన్నమాట. మార్చవలసింది ముందుగా రేటింగ్‌ను కాదు, ఆ విషయాన్ని వదిలేసిన వాక్యాన్ని.